బ్రోచర్‌లో ఆకాశం నుంచి లేఅవుట్: ఆ కెమెరా ఎక్కడ నిలబడింది?

విజయవాడ నుంచి గుంటూరు వెళ్లే హైవే మీద ఏ వెంచర్ ఆఫీసులో కూర్చున్నా టీ కన్నా ముందు బ్రోచర్ వస్తుంది. దాన్ని తెరిస్తే మధ్యలో రెండు పేజీలు కలిపి ఒకే బొమ్మ ఉంటుంది. పైనుంచి చూసినట్టు మొత్తం లేఅవుట్, చుట్టూ కాంపౌండ్ వాల్, ముందు పెద్ద ఆర్చి, లోపల నల్లటి రోడ్లు, వరసగా విల్లాలు, ఆ వెనకే హైవే, దాని వెనక కొండ. ఏజెంట్ వేలు పెట్టి చూపిస్తాడు: "ఇది మన సైట్ సార్, ఇదిగో హైవే, పక్కనే." కొనేవాళ్లలో సగం మందికి మనసులో నిర్ణయం ఆ పేజీ దగ్గరే జరిగిపోతుంది.

దీన్ని అందరూ డ్రోన్ వ్యూ అంటారు కానీ, ఆ పేరు కింద తిరిగేవి మూడు రకాల బొమ్మలు. మొదటిది నిజంగా డ్రోన్ తీసిన ఫొటో, దాని మీద హద్దు గీత గీసి వదిలేస్తారు. మూడోది పూర్తిగా కంప్యూటర్‌లో తయారైనది, అందులో ఆకాశం కూడా అరువు తెచ్చిందే. ఈ రెండింటికీ మధ్యలో ఉన్నదే మార్కెట్‌లో ఎక్కువ: చుట్టుపక్కల పొలాలు, హైవే, కొండ నిజమైన ఫొటో, మధ్యలో లేఅవుట్ మాత్రం త్రీడీలో కట్టి అతికించినది. ఈ వ్యాసం ఆ మధ్య రకం గురించి. నేను ఈ బొమ్మలు తయారు చేసే పనిలో ఉన్నవాణ్ణి. ఈ బొమ్మలో అబద్ధం చెట్లలోనో విల్లాల్లోనో ఉంటుందని జనం అనుకుంటారు. నా లెక్కలో అవి చిన్న విషయాలు. అసలు కథ కెమెరా ఎంత ఎత్తున, సైటుకు ఎంత దగ్గర నిలబడిందన్న దానిలో ఉంది. ఒక్క గీత కూడా తప్పు గీయకుండానే కిలోమీటరు దూరాన్ని పక్కిల్లు చేసేయవచ్చు.

ముందు పని ఎలా నడుస్తుందో చెబుతాను. డెవలపర్ ఆఫీసు నుంచి లేఅవుట్ డ్రాయింగ్ ఆటోక్యాడ్ ఫైలుగా వస్తుంది. సర్వేయర్ కొలిచిన హద్దులు, రోడ్లు, ప్లాట్ నంబర్లు అన్నీ అందులో ఉంటాయి. తర్వాత డ్రోన్ రోజు. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్ ప్రకారం గ్రీన్ జోన్‌లో 400 అడుగులు, అంటే 120 మీటర్ల ఎత్తు వరకు విడిగా పర్మిషన్ అడగకుండా ఎగరేయవచ్చు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఉంటే ఆ హద్దు 200 అడుగులకు పడిపోతుంది. ఇంకా దగ్గరికి వస్తే నేల నుంచే పర్మిషన్ కావాలి. అందుకే గన్నవరం విమానాశ్రయం పక్కన కేసరపల్లిలో వెంచర్ వేసినవాళ్లకు ఈ ఫొటో దొరకడం కష్టం, నంబూరు, కాజ వైపు వాళ్లకు తేలిక. అయినా ఎగరేసే ముందు, ఏ చోటు ఏ జోనో రంగుల్లో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు రంగు చూసుకోవాల్సిందే. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 250 గ్రాముల నుంచి 2 కిలోల లోపు డ్రోన్‌ను సరదాకి ఎగరేసుకుంటే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. బ్రోచర్ కోసం ఎగరేస్తే అది వ్యాపారం, సర్టిఫికెట్ ఉండాలి. పెళ్లి ఫొటోలు తీసే కుర్రాణ్ణి పిలిచి పని కానిచ్చేవాళ్లు ఈ ముక్క పట్టించుకోరు.

డ్రోన్ ఎగిరే ముందు సైటు మూలల్లో హద్దు రాళ్ల దగ్గర సున్నంతో పెద్ద ఇంటూ గుర్తులు వేయిస్తాం. మీటరున్నర పొడుగుంటే పైనుంచి స్పష్టంగా కనపడతాయి. ఫొటోలో ఆ గుర్తులు ఎక్కడున్నాయో, డ్రాయింగ్‌లో అవే మూలలు ఎక్కడున్నాయో జత కలిపితే, కంప్యూటర్‌లోని కెమెరాను సరిగ్గా డ్రోన్ నిలబడ్డ చోటే నిలబెట్టవచ్చు. నేల చదునుగా ఉంటే లెక్క ప్రకారం నాలుగు గుర్తులు చాలు. పనిలో మాత్రం ఆరు, ఎనిమిది పెట్టుకుంటాం, ఎందుకంటే లెన్సు అంచుల్లో కొంచెం వంగదీస్తుంది, ఒకటి రెండు గుర్తుల మీద గేదెలు నడిచిపోతాయి కూడా. ఇది కుదిరాక లేఅవుట్ రోడ్లు, గోడలు, విల్లాలు త్రీడీలో లేపి, ఆ కెమెరాలోంచే బొమ్మ తీసి, ఫొటో మీద కూర్చోబెడతాం.

సున్నం గుర్తులు వేయకుండా కంటి అంచనాతో అతికిస్తే ఏమవుతుందో ఒక లెక్క చూద్దాం. ఈ వ్యాసమంతటికీ ఒకే ఉదాహరణ వాడుకుందాం. నంబూరు, కాజ మధ్యలో హైవేకి తూర్పున లోపలికి ఒక వెంచర్ ఉందనుకోండి. అయిదెకరాలు, 126 మీటర్ల వెడల్పు, 160 మీటర్ల లోతు. లోపల 40 అడుగుల రోడ్లు, 36 ఇంటూ 50 ప్లాట్లు, అంటే ఒక్కోటి 200 గజాలు. రోడ్లకు, పార్కుకు వదలాల్సింది వదిలాక సుమారు 70 ప్లాట్లు వస్తాయి. సైటు వెనక హద్దు నుంచి హైవే వరకు తిన్నగా కొలిస్తే 820 మీటర్లు. మధ్యలో పొలాలు, ఒక పంట కాలువ, వెళ్లడానికి ఒక డొంక. డొంక వంకరలు లెక్కేస్తే 1.2 కిలోమీటర్లు అనుకోండి.

డ్రోన్‌ను సైటుకు తూర్పున, ముందు హద్దు నుంచి 120 మీటర్లు వెనక్కి నిలబెట్టి, 120 మీటర్ల ఎత్తుకు లేపి, పడమర వైపు చూపిస్తాం. కెమెరాను 20 డిగ్రీలు కిందికి వంచుతాం. ఇప్పుడు ఆ వంపును అంచనా వేయడంలో ఒక్క డిగ్రీ తేడా వచ్చిందనుకోండి. సైటు ముందు హద్దు దగ్గర గోడ 4 మీటర్లు జరుగుతుంది. వెనక హద్దు దగ్గర మాత్రం 13 మీటర్లకు పైగా జరుగుతుంది. అంటే దాదాపు ఒక ప్లాటు లోతు పక్క రైతు పొలంలోకి వెళ్లిపోయినట్టు. బొమ్మ చూడ్డానికి ఏ లోటూ ఉండదు, అందంగానే ఉంటుంది. పట్టుకోవాలంటే వెనక కాంపౌండ్ వాల్ పక్కనున్న పొలం గట్లు చూడాలి. లేఅవుట్లు సాధారణంగా పాత సర్వే నంబర్ల హద్దుల్లోనే వేస్తారు కాబట్టి గోడ గట్టు వెంబడే నడవాలి. గోడ గట్టును ఐమూలగా కోసుకుంటూ పోతుంటే కెమెరా సరిగ్గా జత కుదరలేదన్నమాట. ఇది ఎక్కువసార్లు హడావుడి వల్ల జరిగే పొరపాటే, మోసమే అనుకోనక్కర్లేదు. కానీ ఆ బొమ్మ చూసి "వెనక కాలువ వరకు మనదే" అని కొనేవాడు నమ్మితే నష్టం మాత్రం నిజం.

ఇప్పుడు అన్నీ కచ్చితంగా కుదిరాయనుకుందాం. ఒక్క గీత తప్పులేదు. ఆ ఫొటోను 30 సెంటీమీటర్ల ఎత్తున్న బ్రోచర్ పేజీలో అచ్చు వేశాం. మామూలు డ్రోన్ కెమెరా లెన్సు వెడల్పుగా చూసేది, దాని చూపు ఇంచుమించు ఫోన్ కెమెరా చూపు లాంటిదే. ఆ లెన్సుతో లెక్కగడితే పేజీ కింది నుంచి పైకి ఇలా వస్తుంది: అడుగున 2 సెంటీమీటర్లు సైటు ముందున్న పొలం. తర్వాత సైటు 11 సెంటీమీటర్లకు కాస్త పైన. దాని మీద సైటుకు, హైవేకి మధ్యనున్న ఖాళీ 8 సెంటీమీటర్లకు కాస్త పైన. హైవే నుంచి ఆకాశం అంచు వరకు 3, ఆకాశం 5.

ఈ లెక్కలో ఒక్కసారి ఆగి చూడండి. 160 మీటర్ల సైటుకు 11 సెంటీమీటర్లు వచ్చాయి. 820 మీటర్ల ఖాళీకి 8 వచ్చాయి. నేల మీద సైటు కన్నా అయిదు రెట్లు పొడవున్న దూరం, పేజీ మీద సైటు కన్నా పొట్టిగా మారింది. సైటు లోపల ఒక సెంటీమీటరు అంటే 14 మీటర్లు. సైటు దాటాక అదే సెంటీమీటరు దాదాపు 100 మీటర్లు. చూసేవాడి కన్ను మాత్రం సైటు లోపల అలవాటు పడిన కొలతనే హైవే దాకా మోసుకెళుతుంది. సైటు లోపలి కొలతతో చూస్తే హైవే 120 మీటర్ల దూరంలో ఉన్నట్టు అనిపిస్తుంది. "నడిచి వెళ్లొచ్చు సార్" అన్న ఏజెంట్ మాటకు బొమ్మే సాక్ష్యం పలుకుతుంది.

దీనికి కారణం సులువే. ఎత్తు తక్కువగా ఉండి దూరంగా చూస్తున్నప్పుడు, దూరంలో ఉన్న నేల మనకు దాదాపు పక్కవాటుగా కనపడుతుంది, అందుకే అణిగిపోతుంది. దగ్గరున్న నేల పైనుంచి కనపడుతుంది, అందుకే విప్పారుతుంది. మన డ్రోన్ నుంచి సైటు ముందు హద్దును చూడాలంటే 45 డిగ్రీలు కిందికి చూడాలి, వెనక హద్దును చూడాలంటే 23, హైవేను చూడాలంటే 6. సైటు మొత్తం 22 డిగ్రీలు తినేసింది, దాని వెనక 820 మీటర్లకు 17 డిగ్రీలే మిగిలాయి.

డ్రోన్‌ను అదే చోట నిలబెట్టి 300 మీటర్లకు లేపితే ఏమవుతుంది? సైటు పేజీలో దాదాపు అంతే జాగా తీసుకునేలా కెమెరా వంచితే, హైవే వరకు ఖాళీ సైటు కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు పొడవుగా కనపడుతుంది. అప్పుడూ నిజం కన్నా తక్కువే, కానీ "పక్కనే" అనే మాట నోటికి రాదు. అంటే ఎత్తుకు వెళ్లేకొద్దీ బొమ్మ నిజానికి దగ్గరవుతుంది. ఇక్కడో తమాషా ఉంది. చట్టం 120 మీటర్ల దగ్గర ఆపుతుంది కాబట్టి, రూలు పాటించి తీసిన నిజమైన ఫొటోయే దూరాన్ని ఎక్కువ అణుస్తుంది. డెవలపర్ ఏమీ చేయకుండానే అతనికి లాభించే బొమ్మ వస్తుంది. దీన్ని మోసం అనడం నాకిష్టం లేదు. కానీ తెలిసీ ఆ పేజీ మీద హైవే దగ్గర బాణం గుర్తు వేసి దూరం రాయకపోవడాన్ని మాత్రం నేను అమాయకత్వం అనను.

అణిగేది హైవే దూరం ఒక్కటే కాదు. సైటు లోపల కూడా ఇదే ఆట నడుస్తుంది. మన ఉదాహరణలో ముందు వరసలో ఒక 200 గజాల ప్లాటు, వెనక హద్దు దగ్గర ఇంకో 200 గజాల ప్లాటు తీసుకోండి. పేజీ మీద ముందుది వెనకదాని కన్నా దాదాపు రెండింతలు వెడల్పుగా కనపడుతుంది. వైశాల్యంలో చూస్తే తేడా ఇంకా పెద్దది, ఆరు రెట్లకు పైనే. ఒకే సైజు, ఒకే రేటు ఉన్న రెండు బిట్లు అవి. అందుకే కెమెరా ఏ వైపున నిలబడాలన్నది డిజైనర్ నిర్ణయం అనుకోకండి, అది మార్కెటింగ్ నిర్ణయం. ఎంట్రన్స్ ఆర్చి, క్లబ్ హౌస్, పార్కు ఎటువైపుంటే కెమెరా అటే నిలబడుతుంది. 10 శాతం ఓపెన్ స్పేస్ వదలాలన్నది లేఅవుట్ రూలు. అయిదెకరాల్లో అది అరెకరం. అది ముందు వైపు ఉంటే బొమ్మలో నాలుగోవంతు సైటు పార్కే అన్నట్టు కనపడుతుంది. వెనక మూలకు ఉంటే బొమ్మలో దొరకదు, అప్పుడు దానికి విడిగా ఇంకో పేజీ, ఇంకో కెమెరా.

నిట్టనిలువుగా కిందికి చూసి తీసిన ఫొటోలో ఈ బాధ ఉండదు. నేల చదునుగా ఉంటే, ప్రతి ప్లాటూ తన సైజుకు తగ్గట్టే వస్తుంది. 120 మీటర్ల ఎత్తు నుంచి అలా తీస్తే ఈ లెన్సులో సుమారు 170 ఇంటూ 130 మీటర్ల నేల పడుతుంది. మన అయిదెకరాల సైటు అందులో అంచులు రాసుకుంటూ సరిపోతుంది. పదెకరాలైతే ఒక్క ఫొటోలో పట్టదు, ముక్కలు తీసి కుట్టాలి. డ్రోన్ ఎలాగూ పైనే ఉంది, ఇంకో పది నిమిషాలు ఖర్చు, అంతే. అయినా బ్రోచర్‌లో ఇది కనపడదు. కారణం మాకు అందరికీ తెలిసిందే: ఆకాశం లేదు, కొండ లేదు, హైవే లేదు. డ్రాయింగ్ లాగే చప్పగా ఉంటుంది. కొనేవాడికి మాత్రం ఆ చప్పటి ఫొటోయే పనికొచ్చేది. అది ఇమ్మని అడగడానికి మొహమాటం అక్కర్లేదు, చాలా ఆఫీసుల్లో అది కంప్యూటర్‌లో ఎక్కడో పడి ఉంటుంది.

మరి చేతిలో ఉన్న బ్రోచర్ బొమ్మ నిజం ఫొటో మీద కట్టిందా, మొత్తం కంప్యూటర్‌దా అని ఎలా తెలుస్తుంది? కృష్ణా, గుంటూరు మాగాణి నేల దాదాపు చదును కావడం వల్ల ఇక్కడ ఒక మంచి పరీక్ష పనిచేస్తుంది. చదును నేల మీద ఆకాశం అంచు గీత ఎప్పుడూ కెమెరా కంటి ఎత్తులోనే ఉంటుంది. కాబట్టి దూరంగా కనపడే ఏదైనా తెలిసిన ఎత్తున్న వస్తువును పట్టుకోండి. ఓవర్‌హెడ్ ట్యాంకు అనుకుందాం, ఎత్తు 20 మీటర్లు. స్కేలు పెట్టి ట్యాంకు అడుగు నుంచి దాని తల వరకు కొలవండి, అదే అడుగు నుంచి ఆకాశం అంచు వరకు కొలవండి. మొదటిది 5 మిల్లీమీటర్లు, రెండోది 30 అయితే, కెమెరా ట్యాంకుకు ఆరు రెట్ల ఎత్తున ఉంది, అంటే 120 మీటర్లు. నిజమైన డ్రోన్ అయ్యుండొచ్చు. అదే 80, 90 మిల్లీమీటర్లు వస్తే కెమెరా 300 మీటర్లు దాటింది. దానికి విడిగా పర్మిషన్ తీసుకుని ఎగరేసి ఉండాలి, లేదా ఆ చుట్టుపక్కల పొలాలు కూడా కంప్యూటర్‌లో పుట్టినవే. చలికాలం ఉదయాల్లో మంచు, వేసవిలో దుమ్ము వల్ల నిజమైన ఫొటోల్లో అంచు గీత చెరిగిపోయి ఉంటుంది. అప్పుడు ఎవరో ఒకరు కొత్త ఆకాశం అతికిస్తారు, అంచు ఎక్కడ పెట్టాలో ఊహించి పెడతారు. ఆ ఊహ తప్పితే ఈ పరీక్ష వింత జవాబు ఇస్తుంది, అదీ ఒక రుజువే.

ఒరిజినల్ ఫొటో ఫైలు చేతికొస్తే ఇంత గొడవ లేదు. డీజేఐ డ్రోన్ తీసిన ఫైలులోనే `RelativeAltitude`, `GimbalPitchDegree` అని రెండు అంకెలు దాగి ఉంటాయి, ఎత్తు ఎంత, కెమెరా ఎంత వంగింది అని. ఎత్తు అనేది డ్రోన్ లేచిన చోటు నుంచి లెక్క అని గుర్తుంచుకోవాలి. వాట్సాప్‌లో పంపితే ఈ అంకెలు రాలిపోతాయి. డాక్యుమెంటుగా పంపమనాలి.

సూర్యుడు ఇంకో సాక్షి. ఫొటోలోని చెట్ల నీడలు పడమరకు పడుతుంటే అది ఉదయం తీసింది. అందులో అతికించిన విల్లాల నీడలు తూర్పుకు పడుతుంటే రెండు వేర్వేరు పూటలు ఒకే పేజీలో ఉన్నాయి. ఇది తొందరలో తరచూ జరుగుతుంది, ఎందుకంటే సాయంత్రపు బంగారు వెలుగు అమ్ముడుపోతుంది, డ్రోన్ మాత్రం ఉదయం గాలి లేనప్పుడు ఎగురుతుంది. ఇంతకు మించి దీనిలో పెద్ద విషయం లేదు, ఒక్కటి తప్ప. డిసెంబరులో మన దగ్గర సూర్యుడు ఆగ్నేయం వైపు పుట్టి నైరుతి వైపు దిగుతాడు, ఉత్తరం వైపుకు రానే రాడు. ఉత్తరం ఫేసింగ్ ఇళ్ల ముందు గోడల మీద చలికాలపు ఎండ ధగధగలాడుతున్న బొమ్మ కనపడితే ఆ ఎండ అక్కడికి ఎప్పటికీ రాదని అర్థం.

రోడ్ల వెడల్పును కార్లతో కొలవవచ్చు. మామూలు ఎస్‌యూవీ వెడల్పు సుమారు 1.8 మీటర్లు. 40 అడుగులంటే 12.2 మీటర్లు. పక్కపక్కన పెడితే దాదాపు ఏడు కార్లు పట్టాలి. ఎనిమిది పట్టేట్టు కనపడితే కార్లను కుదించారు. కార్లను పదిహేను శాతం చిన్నవి చేస్తే రోడ్లు, పార్కులు, ఇళ్లు అన్నీ ఒకేసారి పెద్దవైపోతాయి, ఎవరి కంటికీ ఆనదు. చెట్ల సంగతి మీకు తెలిసిందే: బొమ్మలో ఉన్నవి పదిహేనేళ్ల చెట్లు, అప్పగించే రోజున ఉండేవి నడుమెత్తు మొక్కలు. ఓపెన్ ప్లాట్లు అమ్ముతూ అన్నింటి మీదా విల్లాలు నిలబెట్టడం కూడా ఇలాంటిదే. చూడగానే తెలిసిపోతుంది కాబట్టి వాటి మీద నాకు పెద్ద పేచీ లేదు.

కలిపినవాటి కన్నా తీసేసినవి ప్రమాదం. సైటు మీదుగానో పక్కనుంచో పోయే హైటెన్షన్ లైను, మురుగు డ్రెయిన్, ఇటుకల బట్టీ, కోళ్ల ఫారం, శ్మశానం. నిజమైన ఫొటోలో ఇవన్నీ పడతాయి. ఒక పూట కూర్చుంటే ఫొటోషాప్‌లో మాయమవుతాయి. తీగలను చెరపడం తేలిక, టవర్ల కాళ్లు చెరపడం కష్టం, వాటి నీడలు చెరపడం చాలామంది మరిచిపోతారు. పొలాల్లో వరి, మినుము మధ్య ఒకే తీరు పచ్చదనం ముక్క పదే పదే రిపీటవుతుంటే అక్కడ ఏదో ఉండేది. గూగుల్ ఎర్త్‌లో అదే చోటు తెరిచి, పాత సంవత్సరాల చిత్రాలు వెనక్కి తిప్పి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

ఏ కెమెరా చూపించలేనిది ఇంకొకటుంది, అది మట్టం. పైనుంచి చూస్తే మీటరు పల్లం, మీటరు మెరక ఒకేలా కనపడతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాక ఈ సంగతి విజయవాడలో ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు. హైవే కట్ట ఎత్తుగా ఉండి, సైటు దానికన్నా పల్లంలో ఉంటే, బొమ్మలో ఆ హైవే గీత అందమైన అంచులా కనపడుతుంది, వానల్లో అదే ఆనకట్ట అవుతుంది. విచిత్రమేమిటంటే ఆ లెక్క తీయడం కూడా ఆ డ్రోన్‌కే చేతనవును. నిట్టనిలువు ఫొటోలు ఒకదాని మీద ఒకటి 70, 80 శాతం కప్పుకునేలా వరసలుగా తీసి, సర్వేయర్ మట్టం కొలిచిన గుర్తులతో ముడిపెడితే సైటు మొత్తానికీ ఎత్తుపల్లాల మ్యాపు వస్తుంది, కొన్ని సెంటీమీటర్ల తేడాతో. ఆ గుర్తులు లేకుండా డ్రోన్ సొంత అంకెల మీద ఆధారపడితే తేడా మీటర్లలో ఉంటుంది, దాన్ని నమ్మకూడదు. పంట నిలబడి ఉన్నప్పుడు తీస్తే అది నేలను కాదు, పైరు తలలను కొలుస్తుంది. కోతలయ్యాక తీయాలి. అడిగితే కొందరు డెవలపర్లు చూపిస్తారు, ఎందుకంటే ఎంత మట్టి తోలాలో లెక్కకు వాళ్లకూ అది కావాలి.

చట్టం మాట కూడా చెప్పుకోవాలి. రియల్ ఎస్టేట్ వ్యాపారాన్ని నియంత్రించే 2016 నాటి రెరా చట్టంలో 11వ సెక్షన్ ప్రకారం ప్రకటన అన్నాక అందులో రెరా రిజిస్ట్రేషన్ నంబరు, రెరా వెబ్‌సైట్ చిరునామా ఉండి తీరాలి. ఆ నంబరుతో ఏపీ రెరా సైటులో వెతికితే మంజూరైన లేఅవుట్ ప్లాను చూసుకోవచ్చు. బ్రోచర్ బొమ్మలో పార్కు ఏ మూల ఉంది, ప్లానులో ఏ మూల ఉంది, బొమ్మలో రోడ్డు పక్క వెంచర్‌లోకి కలిసినట్టు ఉంటే ప్లానులో కలిసిందా, ఈ రెండూ చూస్తే చాలు. 12వ సెక్షన్ ఇంకా సూటిగా ఉంటుంది. ప్రకటనలోనో ప్రాస్పెక్టస్‌లోనో ఉన్న తప్పుడు మాట నమ్మి డబ్బు కట్టినవాడు నష్టపోతే ప్రమోటర్ పరిహారం ఇవ్వాలి. కొన్నవాడు వద్దనుకుంటే కట్టిన మొత్తం వడ్డీతో సహా వెనక్కి ఇవ్వాలి. ఈ సెక్షన్‌ను దృష్టిలో పెట్టుకునే బ్రోచర్ల అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో "చిత్రాలు ఊహాజనితం, మార్పులకు లోబడి ఉంటాయి" అని వేస్తారు. ఆ ఒక్క వాక్యంతో అన్ని బాధ్యతలూ తీరిపోయాయని డెవలపర్ల ఆఫీసుల్లో ఒక నమ్మకం ఉంది. చెట్లకు, కార్లకు ఆ మాట సరిపోవచ్చు. లేని రోడ్డును, మాయమైన హైటెన్షన్ లైనును ఆ వాక్యం కింద దాచుకోవచ్చని మాత్రం నేను ఏ క్లయింటుకూ చెప్పను.

అసలు మేం ఇచ్చే బొమ్మలోనే కొన్ని అంకెలు అచ్చు వేయొచ్చు: కెమెరా ఎత్తు, తీసిన నెల, హైవేకి రోడ్డు దూరం, ఏది ఫొటో, ఏది గ్రాఫిక్. ఇందుకు పేజీలో వేలెడు జాగా చాలు. పెట్టమంటే కొందరు ఒప్పుకుంటారు, ఎక్కువమంది "డిజైన్ పాడవుతుంది" అంటారు. కొనేవాళ్లు అడ్వాన్సు ఇచ్చిన రోజు రసీదుతో పాటు ఆ బ్రోచర్‌ను కూడా తేదీ వేసి దాచుకోవాలి, ఏజెంట్ వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్ ఉంటే ఆ మెసేజ్ చెరపకూడదు. వెంచర్ సగం అమ్ముడయ్యాక బ్రోచర్ మారుతుంది, వెబ్‌సైట్‌లో బొమ్మ మారుతుంది. 12వ సెక్షన్ కింద రెరా ముందుకు వెళ్లినప్పుడు చూపించాల్సింది ఏ బొమ్మ చూసి డబ్బు కట్టామో ఆ పాత బొమ్మనే.